ఐదో నెల కడుపుతోని గ్రౌండ్‌కు పోవచ్చునా? పోతే ఏమేం మార్చాలె?

నల్లగొండల మేకల అభినవ్ స్టేడియం గానీ, పాలమూరు స్టేడియం గానీ పొద్దుగాల ఐదింటికి పోయి చూస్తే కానిస్టేబుల్ కొలువు కోసం ఉరికే పోరగాండ్ల నడుమ ఆడపిల్లలు గూడ మస్తుగ కనబడ్తరు. అండ్ల పెండ్లయినోళ్లు చానమందే. నోటిఫికేషన్ ఎప్పుడొస్తదో సర్కారు చెప్పదు. నీళ్లోసుకునుడు నోటిఫికేషన్ చూసుకోని రాదు. అందుకే ప్రతి భర్తీల కొందరు ఆడబిడ్డలకు ఈ రెండూ ఒక్కసారే వచ్చి పడ్తయి. మూడు నెలలు వాంతులతోని ఎట్లనో గడుస్తది. నాలుగో నెల పడంగనే పాణం కొంచెం తేలికయితది. గప్పుడు మొదలైతది అసలు లొల్లి: మల్ల గ్రౌండ్‌కు పోవాల్నా, బంద్ పెట్టాల్నా?

ఇంట్ల అత్త "మంచం దిగకు బిడ్డా" అంటది. గ్రౌండ్‌ల సీనియర్ "ఏం కాదు, ఉరుకు" అంటడు. ఇద్దరూ మేలు కోరే చెప్తరు గని ఇద్దరిల ఒక్కరు గూడ ఆమె స్కానింగ్ కాయితం చూసినోళ్లు కారు. నేను డాక్టర్‌ను కాను. ఊర్ల పొంటి తిరిగేటప్పుడు ఇదే ప్రశ్న మల్ల మల్ల ఎదురైతే, డాక్టర్లు చెప్పేది, పెద్ద వైద్య సంస్థలు రాసింది చదివి, అడిగి తెలుసుకున్న. నాకు అర్థమైంది ఒక్క ముక్కల చెప్తే ఇది: ఆరోగ్యంగ ఉన్న గర్భిణికి కసరత్తు చెడ్డది కాదు. ఆపుకునే హక్కు ఆమె చేతుల లేని కసరత్తే చెడ్డది. ఏది ఆపాలె, ఏది తగ్గియ్యాలె, ఏది మార్చుకోవాలె అన్నది నాలుగో నెల నించి ఆరో నెల దాకా ఎట్ల ఉంటదో వరుసగ చెప్త.

ముందుగాల గడియారం పక్కకు పెట్టాలె

2022 నోటిఫికేషన్‌ల ఆడోళ్లకు మూడు ఈవెంట్స్ ఉండె. 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకండ్లల ఉరకాలె. లాంగ్ జంప్ రెండున్నర మీటర్లు దుంకాలె. 4 కిలోల గుండు 4 మీటర్లు ఇసరాలె. ఆ భర్తీలనే గర్భిణులకు బోర్డు ఒక వెసులుబాటు ఇచ్చింది. ఈవెంట్స్ తర్వాత పూర్తి చేస్తమని రాసిచ్చి, నేరుగ చివరి రాత పరీక్షకు పోవచ్చని చెప్పింది. ఈ సంగతి గ్రౌండ్‌ల ఉన్న సగం మందికి తెల్వదు. కడుపుతోనే 800 మీటర్లు కొట్టాలె, లేకుంటే కొలువు పోతదని భయపడ్తరు. మల్ల వచ్చే నోటిఫికేషన్‌ల ఇది ఉన్నదా లేదా అన్నది ప్రతి సారి చదువుకోవాలె. గని ఉన్నదనుకుంటే లెక్క మొత్తం మారుతది. ఆరో నెలల 5.20 టైమింగ్ కొట్టాల్సిన అవసరం ఎవ్వరికీ లేదు. ఈ మూడు నెలల పని ఒక్కటే: కాళ్లల బలం, గుండెల దమ్ము మొత్తం పోకుంట కాపాడుకొని, కాన్పు అయినంక మల్ల మొదలు పెట్టెతందుకు పెయ్యిని సిద్ధంగ ఉంచుకునుడు. గెలిచే తయారీ వేరు, నిలుపుకునే తయారీ వేరు. ఈ తేడా మనసుల పడ్డదంటే మిగతా మార్పులన్నీ అలకగ అయితయి.

నాలుగో నెల నించి లోపల ఏమైతది

ఈ నెలలల్ల వాంతులు తగ్గుతయి, ఆకలైతది, నిద్ర పడ్తది. పాణం బాగున్నది గదా అని పాత స్పీడుకు పోతరు. మోసం అక్కడనే ఉన్నది. బిడ్డను సాదెతందుకు తల్లి పెయ్యిల నెత్తురు పెరుగుకుంట పోతది. చివరికి మామూలు కంటే ఇంచుమించు సగం ఎక్కువైతది. అంత నెత్తుర్ని తిప్పాలంటే గుండె ఊకె కూసున్నప్పుడు గూడ నిమిషానికి 10 నించి 20 సార్లు ఎక్కువ కొట్టుకుంటది. అంటే ఉరకకముందే ఇంజను సగం రేస్ మీద ఉన్నట్టు. అందుకే మొన్నటి దాకా అలకగ అయిన రౌండు ఇప్పుడు బరువైతది. అది సోమరితనం కాదు.

ఇంకొకటి. నెత్తుర్ల నీళ్ల పాలు పెరిగినంత జల్ది ఎర్రకణాలు పెరగవు. పప్పుల నీళ్లు ఎక్కువ పోసినట్టు పలచనైతది. మన దిక్కు ఆడపిల్లలకు ముందే నెత్తురు తక్కువ. తెలంగాణల గర్భిణులల్ల సగం మందికి పైన రక్తహీనత ఉన్నదని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేనే చెప్పింది. నెత్తురు తక్కువున్న పెయ్యితోని ఉరుకుడంటే అర్ధ ట్యాంకు పెట్రోలుతోని లోడు బండి ఘాటెక్కించినట్టే.

మూడోది, కడుపు ముందుకు వస్తుంటే పెయ్యి బరువు నిలిచే చోటు మారుతది. కీళ్లను పట్టి ఉంచే నరాల అసుంటి కట్లు గూడ కాన్పు కోసం వదులైతయి. నడుము, తుంటి, ముందటి బొక్క దగ్గర పట్టు తగ్గుతది. గిరుక్కున తిరిగినా, దుంకి కాలు పెట్టినా బెణికే, పడే అవకాశం పెరుగుతది. ఇగ ఈవెంట్స్‌ల ఏది ఆపాలె, ఏది ఉంచుకోవాలె అన్నది ఈ మూడు ముచ్చట్ల మీదనే నడుస్తది.

దవాఖానల ఏం అడగాలె

ప్రతి నెల 9వ తారీఖు నాడు సర్కారు దవాఖానలల్ల గర్భిణులకు డాక్టరే చూసే కార్యక్రమం ఉంటది. 2016 నించి నడుస్తున్నది. నాలుగో నెల నిండినోళ్ల కోసమే పెట్టింది. పైస ఖర్చు లేదు. ఆశ కార్యకర్తకు, ఏఎన్ఎమ్మకు చెప్తే పేరు రాస్తరు. గ్రౌండ్‌కు మల్ల పోయే ముందు అక్కడికి పోవాలె.

అక్కడ చానమంది చేసే పని ఏందంటే "మేడం, ఎక్సర్‌సైజ్ చేయొచ్చునా?" అని అడిగి ఊకుంటరు. క్యూల నూరు మంది ఉంటరు, డాక్టర్ "ఆ, నడువమ్మా" అని పంపిస్తది. గట్ల కాకుంట చేసే పని చేసినట్టు చెప్పాలె: "నేను వారానికి ఐదు రోజులు ఉరుకుత. పుషప్స్, సిటప్స్ చేస్త. లాంగ్ జంప్ దుంకుత, 4 కిలోల గుండు ఇసురుత. రెండేండ్ల నించి చేస్తున్న. ఇండ్ల ఏది ఆపాలె?" గప్పుడు డాక్టర్‌కు గూడ నీ సంగతి సమజైతది, జవాబు నీకు సరిపడేది వస్తది.

ఇంక నాలుగు ముచ్చట్లు మన కార్డు మీద రాయించుకోవాలె. ఒకటి, నెత్తురు ఎంతున్నది. గర్భిణికి 11 గ్రాములకు తక్కువ ఉంటే రక్తహీనత అంటరు. 7 కంటే తక్కువైతే అది గట్టి ప్రమాదం, కసరత్తు మాటే ఎత్తొద్దు, వైద్యమే ముందు. నడుమ ఉన్నోళ్లు ఎంత చేయాలన్నది డాక్టరే చెప్పాలె. రెండోది, బీపీ. మూడోది, మాయ ఎక్కడున్నది. 18 నించి 20 వారాల నడుమ తీసే పెద్ద స్కానింగ్‌ల ఇది తెలుస్తది. మాయ కిందికి ఉన్నదని రాస్తే గాబరా పడొద్దు, గర్భసంచి పెరిగేకొద్ది చానమందికి అది పైకి పోతది. గని మల్ల స్కానింగ్ చేసి పైకి పోయిందని చెప్పేదాకా ఉరుకుడు, బరువులు బంద్ పెట్టి డాక్టర్ చెప్పినంతనే చేయాలె. నాలుగోది, గర్భసంచి మూతి గట్టిగ ఉన్నదా అన్నది. ముందు గర్భం నెలలు నిండక పోయినోళ్లు, మూతికి కుట్టు వేసుకున్నోళ్లు, కవలలున్నోళ్లు, నెత్తురు కనబడ్డోళ్లు, బీపీ పెరిగినోళ్లు, గుండె జబ్బున్నోళ్లు ఈ వ్యాసం కింద రాసింది పాటించొద్దు. వాళ్ల దారి వేరు, డాక్టర్ చెప్పిందే దారి.

ఒక ఆడబిడ్డ లెక్క వేసి చూద్దాం

ఉదాహరణకు ఒకామె ఉన్నదనుకుందాం. ఇరవై నాలుగేండ్లు. నకిరేకల్ దిక్కు ఊరు. కడుపు రాకముందు 800 మీటర్లు 4 నిమిషాల 50 సెకండ్లల ఉరికేది. ఇప్పుడు 16వ వారం. నెత్తురు 11.2, బీపీ మంచిగున్నది, డాక్టర్ "చేసుకో, గని తగ్గించి చెయ్" అన్నది. ఆమె పాత పట్టికల ఏమేం మారుతదో చూద్దాం.

లాంగ్ జంప్ మొత్తం బంద్. తగ్గించి దుంకుడు అనేది లేదు. కింద పడేటప్పుడు వచ్చే కుదుపు, వదులైన కీళ్లు, మారిన బరువు, ఈ మూడూ ఒక్క జాగల కలుస్తయి. కబడ్డీ ఆడేటోళ్లకు గూడ ఇదే మాట. ఎదుటోళ్లు మీద పడే ఆట, కడుపుకు దెబ్బ తగిలే ఆట ఈ నెలలల్ల ఆడొద్దు.

గుండు ఇసురుడు గూడ బంద్. దమ్ము బిగపట్టి, నడుము తిప్పి, ఒక్కసారే విసిరే పని అది. దాని బదులు భుజాల బలం పోకుంట, కుర్చీల కూసోని లీటరు నీళ్ల సీసాలు రెండు చేతులల్ల పట్టుకొని పైకి లేపుడు చాలు. లేపేటప్పుడు ఊపిరి విడువాలె, దించేటప్పుడు పీల్చాలె. ఊపిరి బిగపడితే కడుపుల, కింది కండరాల మీద ఒత్తిడి పెరుగుతది, బీపీ గూడ గబుక్కున లేస్తది. బరువు ఎంతున్నా ఇదే సూత్రం: ఊపిరి ఆపకుంట లేపలేని బరువు నీది కాదు.

ఉరుకుడు ఉంటది, గని టైమింగ్ పోతది. సోమ, బుధ, శుక్రవారాలు గ్రౌండ్‌కు పోతది. ముందుగాల 10 నిమిషాలు నడుస్తది. తర్వాత 2 నిమిషాలు నిమ్మలంగ ఉరుకుడు, 1 నిమిషం నడుసుడు, ఇట్ల ఆరు సార్లు. అది 18 నిమిషాలు. చివరికి 7 నిమిషాలు నడిచి చల్లబడ్తది. మొత్తం 35 నిమిషాలు. మంగళ, శనివారాలు ఇంట్లనే 25 నిమిషాలు బలం కసరత్తు. మూడు 35లు 105, రెండు 25లు 50, కలిపితే వారానికి 155 నిమిషాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ గర్భిణులకు చెప్పింది వారానికి 150 నిమిషాల మధ్యరకం కసరత్తు. అంటే ఆమె లెక్క సరిపోయింది. గురు, ఆదివారాలు విశ్రాంతి.

ఎంత జోరుగ ఉరకాలె? ఇండ్ల వాచీ, గుండె మీటరు నమ్మొద్దు. గర్భిణి గుండె ముందే ఎక్కువ కొట్టుకుంటది గనుక పాత నంబర్లు పనికి రావు. నోటి పరీక్ష పెట్టుకోవాలె. పక్కన ఉరికే చెల్లెతోని ఆపకుంట ముచ్చట పెట్టగలగాలె, గని పాట పాడ రాకూడదు. పాట పాడ వస్తే మెల్లగున్నది, రెండు మాటలకే దమ్ము వస్తే జోరెక్కువైంది. ఒంటరిగ ఉరికేటోళ్లు ఇంటి చిరునామా గట్టిగ చదివి చూసుకోవచ్చు. మధ్యల ఊపిరి తెగితే నడుసుడు మొదలు పెట్టాలె.

ఇంతకు ముందు ఎప్పుడు ఉరకనోళ్లు కడుపుతోని కొత్తగ ఉరుకుడు మొదలు పెట్టొద్దు. వాళ్లకు జోరు నడకనే. మొదట రోజు 10 నిమిషాలు, వారానికి ఇంత ఇంత పెంచుకుంట 30 నిమిషాలకు రావాలె.

22, 24 వారాలకు వచ్చేసరికి చానమందికి ఉరుకుడు కుదరదు. కడుపు కింద గుంజుతది. తొడల నడుమ ముందటి బొక్క దగ్గర నొప్పి పుడ్తది, మంచంల పక్కకు ఒత్తిగిల్లినా, మెట్టెక్కినా అది పొడుస్తది. ఉరికితే మూత్రం చుక్కలు పడ్తయి, కిందికి బరువు జారినట్టైతది. ఇండ్ల ఏ ఒక్కటి వచ్చినా ఉరుకుడు ఆపి అదే 35 నిమిషాలు నడకకు మార్చుకోవాలె, డాక్టర్‌కు చెప్పాలె. నొప్పి ఓర్చుకునుడు ఇక్కడ మెడల్ తెచ్చి పెట్టదు, కాన్పు అయినంక గ్రౌండ్‌కు మర్లి వచ్చే రోజును ఇంకింత దూరం జరుపుతది.

పండుకునే తీరు, నిలబడే తీరు

ఐదో నెల నడుమకు, అంటే 20 వారాలకు వచ్చేసరికి గర్భసంచి బొడ్డు దాకా వస్తది. ఎల్లెలుకల పండుకుంటే ఆ బరువంత వెన్నుపూస పక్కపొంటి పోయే పెద్ద రక్తనాళం మీద పడ్తది. కాళ్లల నించి గుండెకు మర్లి పోవాల్సిన నెత్తురు అక్కడ అడ్డు పడ్తది. కండ్లు తిరుగుతయి, చెమట పడ్తది, వికారమైతది, కొందరికి ఏం తెల్వకనే బిడ్డకు పోయే నెత్తురు తగ్గుతది. అందుకే ఈ కాలం నించి ఎల్లెలుకల పండుకొని చేసే సిటప్స్, కాళ్లు లేపుడు, బెంచ్ మీద బరువులు ఎత్తుడు మార్చుకోవాలె. నిద్రల ఒకసారి ఎల్లెలుకల తిరిగితే కొంప మునగదు. మెలుకువ రాంగనే పక్కకు తిరిగితే చాలు. అట్ల కండ్లు తిరిగినప్పుడు గూడ లేవొద్దు, ఎడమ దిక్కు ఒత్తిగిల్లి పండుకోవాలె.

సిటప్స్‌కు ఇంకో చిక్కు గూడ ఉన్నది. లేచేటప్పుడు కడుపు నడుమల బొడ్డు పైన గోపురం లెక్క ఉబ్బితే, కడుపు కండరాలు రెండు దిక్కులకు ఎడబాస్తున్నయని గుర్తు. అది కనబడ్డ ఏ కసరత్తయినా ఆపాలె. మంచంల నించి లేచేటప్పుడు గూడ నేరుగ లేవకుంట పక్కకు తిరిగి చేతి ఊత మీద లేవాలె.

మరి బదులేంది? మంగళ, శనివారాల 25 నిమిషాలల్ల మన ఆడబిడ్డ చేసేది ఇది. చేతులు, మోకాళ్లు నేల మీద ఆనిచ్చి, బల్ల లెక్క నడుము తిన్నగ పెట్టి, కుడి చేయి ముందుకు, ఎడమ కాలు ఎనుకకు చాపి దించుడు. తర్వాత రెండో దిక్కు. ఒక్కో దిక్కు ఎనిమిది సార్లు. సిటప్స్ చేసే పని ఇదే చేస్తది, ఎల్లెలుకల పండే పని లేదు. పుషప్స్ నేల మీద కాకుంట గోడకు చేతులు ఆనిచ్చి పది సార్లు. ఎనుక కుర్చీ పెట్టుకొని కూసున్నట్టు వంగి లేచుడు పది సార్లు. సీసాలతోని చేతులు లేపుడు పది సార్లు. ఈ వరుస రెండు సార్లు, నడుమ నడుమ దమ్ము తీసుకుంట.

చివరిది ఎవ్వరికీ కనబడని కసరత్తు. మూత్రం, గాలి రెండూ ఆపుకున్నట్టు కింది కండరాలు బిగబట్టి ఐదు లెక్కపెట్టి, నిమ్మలంగ వదిలి మల్ల ఐదు లెక్కపెట్టాలె. పది సార్లు, రోజుకు మూడు మాట్లు. మూత్రం పోసేటప్పుడు ఆపి ఆపి చేయొద్దు. పిరుదులు, తొడలు బిగియ్యొద్దు, ఊపిరి ఆపొద్దు. కాన్పు అయినంక ఉరికినా మూత్రం జారకుంట కాపాడేది ఈ కండరాలే.

కదలకుంట నిలబడుడు గూడ మంచిది కాదు. గ్రౌండ్‌ల అటెన్షన్‌ల అరగంట నిలబెడితే నెత్తురు కాళ్లల్లనే ఆగుతది, కండ్లు బైర్లు కమ్ముతయి. కోచింగ్ ఇచ్చే అన్నలు ఈ ముచ్చట గుర్తు పెట్టుకోవాలె.

కూలి పని కసరత్తు కిందికి వస్తదా?

ఊర్లల్ల పెద్దమనుషులు అడిగే మాట ఒకటున్నది: "మా కాలంల తొమ్మిదో నెల దాక నాట్లేసినం, మాకు ఏ కసరత్తు చెప్పిన్రు?" ఆ మాటల బాధ ఉన్నది, దాన్ని కొట్టి పారేయలేం. గని నాటు వేసుడు, పత్తి ఏరుడు, ఇటుకలు మోసుడు కసరత్తు కాదు. కసరత్తుల 2 నిమిషాలు ఉరికి 1 నిమిషం నడుస్తవు, కండ్లు తిరిగితే కూసుంటవు. నాట్లల్ల ఎనిమిది గంటలు నడుము వంచాలె, ఎండ తగ్గేదాక ఆగుదమంటే మేస్త్రి ఒప్పుకోడు, పని ఆపితే కూలి పోతది. పెయ్యి అలిసేది రెండిట్ల గూడ ఉన్నది. ఆపుకునే హక్కు ఒక్కదాంట్లనే ఉన్నది.

అందుకే లెక్క ఇట్ల పెట్టుకోవాలె. కూలికి పోయిన నాడు గ్రౌండ్‌కు పోవద్దు. ఆ దినం పెయ్యి చేయాల్సింది చేసింది. ఆ రాత్రి ఆ చేతులు-మోకాళ్ల కసరత్తు ఐదు నిమిషాలు చేస్తే నడుము పట్టేసింది వదులైతది, అంతే చాలు. ఇంటికి ఒక మాట: ఉరికే కోడలికి నీళ్ల బిందెలు, వడ్ల బస్తాలు ఎత్తే పని తీసెయ్యాలె. "గ్రౌండ్‌ల ఉరుకుతది గని ఇంట్ల బిందె ఎత్తదా" అని సూటిపోటి మాటలు అనుడు బంద్ పెట్టాలె. బిందె చంకల పెట్టుకుంటే బరువు ఒక్క దిక్కే గుంజుతది, వదులైన నడుము దాన్ని ఓర్వదు.

ఎండ, నీళ్లు, తిండి

మన నల్లగొండ, పాలమూరు రాతి నేల. ఎండకాలం పొద్దున తొమ్మిదింటికే నేల సెగ గక్కుతది. గర్భిణి పెయ్యి ముందే వేడి మీద ఉంటది. అందుకే ఎండకాలం గ్రౌండ్ పని పొద్దున ఏడింటి లోపే కావాలె. కాకుంటే ఆ దినం ఇంట్ల నీడపట్టున బలం కసరత్తు చేసుకోవాలె. మూత్రం రంగు చూస్తే సంగతి తెలుస్తది. లేత పసుపు ఉంటే నీళ్లు సరిపోయినయి, ముదురు పసుపు ఉంటే ఆ దినం ఉరకొద్దు.

ఉత్త కడుపుతోని ఉరుకుడు వద్దు. ఒక అరటిపండో, రెండు ఖర్జూరాలో తిని అరగంటకు పోవాలె. నాలుగో నెల నించి దినాం ఇంతకు ముందు కంటే 350 క్యాలరీలు ఎక్కువ తినాలని జాతీయ పోషకాహార సంస్థ చెప్పిన లెక్క. ఉరికేటోళ్లకు ఇంకింత కావాలె. అంగన్‌వాడిల ఆరోగ్య లక్ష్మి కింద దినాం పెట్టే ఒక పూట అన్నం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు మన హక్కు. కొలువుకు చదివే ఆడపిల్ల అంగన్‌వాడికి పోవుడేందని సిగ్గు పడొద్దు. ఎర్ర ఐరన్ గోలీలు నాలుగో నెల నించే మొదలైతయి, కనీసం 180 రోజులు మింగాలె. చాయ్‌తోని, కాల్షియం గోలీతోని కలిపి మింగితే ఐరన్ పెయ్యికి ఎక్కది. రెండిటి నడుమ రెండు గంటలు ఎడం పెట్టాలె.

అక్కడికక్కడ ఆపాల్సిన గుర్తులు

కింద నెత్తురు కనబడ్డా, నీళ్లు కారినా, కడుపు గట్టిపడి నొప్పి వరుసగ వచ్చిపోతున్నా, ఛాతిల నొప్పి లేసినా, ఉరకకముందే ఆయాసం వచ్చినా, తలనొప్పి తగ్గకున్నా, కండ్లు తిరిగినా, ఒక్క కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టినా అక్కడికక్కడ ఆపాలె. "ఈ రౌండు అయినంక చూద్దాం" అనుకోవద్దు. కూసోని ఎడమ దిక్కు ఒరిగి, 108కు ఫోన్ కొట్టించాలె. మొదటి కాన్పోళ్లకు 18, 20 వారాలకు బిడ్డ మెదులుడు తెలుస్తది. మెదిలే బిడ్డ మెదలకుంటే గూడ దవాఖానకే. గ్రౌండ్‌కు ఒంటరిగ పోవద్దు అనేది అందుకే. ఫోన్, కార్డు రెండూ వెంబడి ఉండాలె.

ఫోన్ల తిరిగే వీడియోల సంగతి

2025 అక్టోబర్‌ల ఆంధ్రప్రదేశ్‌ల జరిగిన అఖిల భారత పోలీసు వెయిట్‌లిఫ్టింగ్ పోటీలల్ల ఢిల్లీ కానిస్టేబుల్ సోనికా యాదవ్ ఏడు నెలల కడుపుతోని 145 కిలోలు డెడ్‌లిఫ్ట్ చేసి కాంస్యం గెలిచింది. ఆ వీడియో మన వాట్సాప్ గ్రూపులల్ల గూడ తిరిగింది. సగం మంది మొక్కిన్రు, సగం మంది తిట్టిన్రు. రెండు పక్కలోళ్లు చూడనిది ఒకటున్నది. ఆమె కడుపుతోని బరువులు ఎత్తుడు కొత్తగ నేర్చుకోలే. ముందు నించి ఎత్తుతున్న పెయ్యి, డాక్టర్‌ను అడిగి కొనసాగించింది. ఆ వీడియో చూసి బరువులు మొదలు పెట్టే ఆమెకు ఆ రెండూ ఉండవు.

ఇంకో ముచ్చట మన 800 మీటర్లకు దగ్గరిది. 2014ల అమెరికా జాతీయ పోటీలల్ల అలీసియా మొంటానో 34 వారాల కడుపుతోని 800 మీటర్లు ఉరికింది. ఆమె ఆ దూరంల దేశ చాంపియన్. ఆమె మంచి టైమింగ్ రెండు నిమిషాల లోపు, ఆ దినం 2 నిమిషాల 32 సెకండ్లు పట్టింది. చాంపియనే 35 సెకండ్లు వదులుకొని చివరికి వచ్చింది, నవ్వుకుంట వచ్చింది. ఆమె దగ్గర నేర్చుకోవాల్సింది ఉరుకుడు కాదు, ఆ 35 సెకండ్లు వదులుకునుడు.

అడగాల్సింది ఒకటున్నది

బోర్డు ఇచ్చిన వెసులుబాటు మంచిదే. గని ఈవెంట్స్ ఎప్పటి లోపు పూర్తి చేయాలన్న గడువును పరీక్ష తారీఖుల నించి లెక్క పెడితే కాన్పు తారీఖుకు దానికి పొంతన కుదరదు. మామూలు కాన్పు అయినోళ్లకే మూడు నెలల దాక ఉరుకుడు మొదలు పెట్టొద్దని నిపుణులు చెప్తరు. తెలంగాణల కాన్పులల్ల సగానికి పైన ఆపరేషన్లే. కోత మానాలె, కింది కండరాలు మర్లి బిగియాలె, గప్పుడే 5.20 ముచ్చట. అందుకే గడువును కాన్పు అయిన దినం నించి లెక్క కట్టాలె, డాక్టర్ కాయితం చూసి ఇయ్యాలె, ఆ నియమం ప్రతి నోటిఫికేషన్‌ల ముందే అచ్చు వేయాలె. ఎవరో ఒకామె బోర్డు చుట్టూ తిరిగి అడిగితే ఇచ్చేది దయ అయితది. ముందే రాసి ఉంటే అది హక్కైతది.

అది రాసి లేనన్ని దినాలు గ్రౌండ్‌ల ఐదో నెల ఆడబిడ్డ ఒక కన్ను కడుపు మీద, ఒక కన్ను వాచీ మీద పెట్టుకోనే ఉరుకుతది. ఆ వాచీని ఆమె చేతికెల్లి తీసే పని నియమాలు రాసేటోళ్లది.